పది లెక్కపెట్టిన రాత్రి: 12 నిమిషాల డాక్యుమెంటరీ ఎడిటింగ్ కేస్ స్టడీ

నా చేతికి వచ్చేసరికి షూటింగ్ పూర్తయిపోయింది. హార్డ్ డిస్క్‌లో మూడు ఇంటర్వ్యూలు, ఒక పాత 8 ఎంఎం హోమ్ మూవీ రీలు నుంచి చేయించిన ఫైలు, రెండు వీహెచ్‌ఎస్ టేపుల క్యాప్చర్, స్కాన్ చేసిన ఫోటోలు అరవై దాకా ఉన్నాయి. వాటితో పాటు దర్శకుడు లైట్‌హౌస్ దగ్గర రెండు రోజులు తిరిగి తీసిన కొత్త షాట్లు. ఇంటర్వ్యూలు మూడూ కలిపి 5 గంటల 40 నిమిషాలు. కావలసిన సినిమా 12 నిమిషాలు మించకూడదు.

కథ ఒక లైట్‌హౌస్ చివరి కీపర్ది. 1990ల్లో దీపం ఆటోమేటిక్ అయ్యాక అక్కడ మనిషి అవసరం లేకుండా పోయింది. మాట్లాడినవాళ్ళు ముగ్గురు: ఎనభై దాటిన ఆ కీపర్, ఆయన కూతురు, ఆ ఆటోమేటిక్ యంత్రాన్ని బిగించిన ఇంజినీరు. కథకు నడుమ ఒక తుఫాను రాత్రి ఉంది. లెన్స్‌ను తిప్పే గడియారపు యంత్రం ఆ రాత్రి బిగుసుకుపోతే, తెల్లారేదాకా ఈయన దాన్ని చేత్తో తిప్పాడు.

దర్శకుడు తానే ఒక కూర్పు చేసి పంపాడు. నిడివి 19 నిమిషాలు. ఉద్యోగంలో చేరడంతో మొదలై పెళ్ళి, పిల్లలు, తుఫాను, ఆటోమేటిక్ కావడం, రిటైర్మెంట్ వరుసగా వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంది. సముద్రం, మెట్లు, పక్షులు, తుప్పు పట్టిన రెయిలింగు, ఒక్క సెకను ఖాళీ లేకుండా, మాట్లాడే ముఖాల మీద పరిచే బొమ్మలు, అంటే బీ-రోల్, పరిచి ఉంది. కానీ ఎక్కడో నాలుగో నిమిషానికి నా మనసు సినిమా వదిలేసి వెళ్ళిపోయింది. ఎందుకో తెలుసుకోవడానికి నేనెప్పుడూ చేసే రెండు పనులు చేశాను. మొదట మానిటర్ ఆపేసి శబ్దం మాత్రం విన్నాను. తర్వాత బీ-రోల్ ట్రాక్ మొత్తం ఆపేసి, కింద ఉన్న ముఖాలను చూశాను.

మానిటర్ ఆపి వింటే ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియలేదు. "వచ్చింది" అంటాడు కీపర్, ఏం వచ్చిందో చెప్పడు. బీ-రోల్ ఆపి చూస్తే ముఖాలు 41 చోట్ల ఎగిరిపడ్డాయి. అంటే 41 చోట్ల మాట తెగి అతుకుపడింది. అతుకులన్నీ సముద్రపు షాట్ల కింద దాక్కున్నాయి కాబట్టి, ఏ మాట ఎందుకు ఉంచాం, ఏది ఎందుకు తీశాం అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ బీ-రోల్ కథను చెప్పడం లేదు, కథ ఇంకా తయారుకాలేదన్న సంగతిని కప్పిపెడుతోంది. అందుకే బొమ్మలన్నీ పక్కన పెట్టి శబ్దంతోనే మొదటి నుంచి కడదామని ఇద్దరం అనుకున్నాం.

ఒకే సంగతి, మూడుసార్లు

ముందు ఇంటర్వ్యూలన్నీ టైమ్‌కోడ్‌తో సహా రాయించాను, పలికింది పలికినట్టే. "అంటే", "ఆ...", "అన్నమాట" లాంటివి తీసేసి శుభ్రంగా రాసిన ట్రాన్స్‌క్రిప్ట్ ఎడిటర్‌ను మోసం చేస్తుంది. కాగితం మీద వాక్యం చక్కగా ఉంటుంది, టైమ్‌లైన్‌లోకి వెళ్ళాక అందులో మూడు తడబాట్లు, ఒక దగ్గు బయటపడతాయి.

కీపర్ తుఫాను రాత్రి సంగతి మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి మొదటి రోజు ఇంటర్వ్యూలో, 3 నిమిషాల 10 సెకన్లు. మొదలు, నడుమ, చివర అన్నీ కుదురుగా ఉన్నాయి. దర్శకుడు దాన్నే దాదాపు పూర్తిగా వాడాడు. రెండోసారి అనుకోకుండా వచ్చింది. "అంతసేపు తిప్పితే చేతులు నొప్పి పుట్టలేదా?" అని అడిగితే చెప్పిన జవాబు, 48 సెకన్లు. మూడోసారి లైట్‌హౌస్ పైన, లెన్స్ పక్కన నిలబడి చేత్తో చూపిస్తూ చెప్పాడు. అక్కడ గాలి హోరులో సగం మాటలు వినబడవు.

మొదటిది సమాచారంగా నిండుగా ఉంది, కానీ ఆయన ఆ కథను ఎంతోమందికి ఎన్నోసార్లు చెప్పి ఉంటాడు. గొంతు వాటంగా సాగిపోతుంది, దాదాపు ఎక్కడా ఆగదు, వెతుక్కోదు. రెండోది ఇలా ఉంది:

"చేతులేం నొప్పి పుడతాయి. పాదరసంలో తేలుతుందది, వేలితో తోసినా కదులుతుంది. అలిసింది చేతులు కాదు... లెక్క. పది లెక్కపెట్టాలి, మెరవాలి. మళ్ళీ పది. ఎనిమిదికే తోసేశాననుకో, అక్కడ ఓడలో ఉన్నవాడు ఇది ఇంకో లైట్‌హౌస్ అనుకుంటాడు. అనుకుని ఇటు తిప్పుతాడు. అందుకని నిద్ర రాకుండా పైకే లెక్కపెట్టాను. తెల్లారేసరికి గొంతు పోయింది."

ఇంటర్వ్యూలోంచి వాడుకునే మాటల ముక్కను, అంటే బైట్‌ను, ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఇదే: ఈ మాట ఈ మనిషి తప్ప ఇంకెవరైనా చెప్పగలరా? యంత్రం ఎప్పుడు ఆగింది, తుఫాను ఎన్ని గంటలు సాగింది అన్నవి తెర మీద ఒక్క వరుస అక్షరాలతోనూ చెప్పొచ్చు, ఇంజినీరు నోటితోనూ చెప్పించొచ్చు. "అలిసింది చేతులు కాదు, లెక్క" అన్నది మాత్రం ఆయన దగ్గరే ఉంది. పైగా ప్రమాదం ఏమిటో అందులోనే ఉంది. ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన మెరుపు లెక్క ఉంటుంది, నావికులు ఆ లెక్కను బట్టే ఇది ఫలానాదని గుర్తుపడతారు. ఈ దీపం గుర్తు 10 సెకన్లకు ఒక మెరుపు. ఆ సంగతి తెలియని ప్రేక్షకుడికి చేత్తో తిప్పడం ఒక సాహసం, అంతే. తెలిసినవాడికి ప్రతి పది సెకన్లూ ఒక పరీక్ష.

మొదటి కథనంలో ఒక్క వాక్యం తప్ప మిగతాదంతా వదిలేశాం. 3 నిమిషాల 10 సెకన్ల చోట 48 సెకన్లు వచ్చాయి. మూడోసారి చెప్పినదాన్ని మాటగా వాడలేకపోయాం, కానీ బొమ్మగా అది మళ్ళీ దొరకనంత విలువైనది. లెన్స్ చట్రం మీద ఆయన చెయ్యి, వెనక నుంచి తీసిన భుజం, మెల్లగా కదిలే గాజు. పెదాలు కనబడని ముక్కలను మాత్రమే ఏరి పక్కన పెట్టాను. పెదాలు కనబడితే పైన వినిపించే మాటకూ వాటికీ పొంతన కుదరదు, చూసేవాడి కన్ను వెంటనే అక్కడికే పోతుంది.

క్రియ వచ్చేదాకా కత్తెర పెట్టకూడదు

తెలుగు ఇంటర్వ్యూను కోయడంలో మన భాషకే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. వాక్యంలో అసలు సంగతి చివర క్రియలో ఉంటుంది. అక్కడిదాకా మనిషి "వెళ్ళి", "చూసి", "అనుకుని" అంటూ ఒకదానికొకటి గొలుసు వేసుకుంటూ పోతాడు, గొంతు ప్రతి ముక్క చివరా పైకే ఉంటుంది. ఆ గొలుసు మధ్యలో కోస్తే, మాట గాలిలో వేలాడుతున్నట్టు వినబడుతుంది. కాగితం మీద అర్థం పూర్తయినట్టు కనిపించినా చెవికి పూర్తికాదు.

ఆయన చెప్పిన ఈ ముక్క చూడండి:

"మెట్లెక్కి పైకి వెళ్ళి చూసేసరికి లెన్స్ ఆగిపోయి ఉంది, అప్పుడు నేనేం చేశానంటే, అంటే ఆ రోజు మా పైఆయన కూడా లేడు, సెలవులో ఉన్నాడు, నేనేం చేశానంటే... చేత్తో తిప్పడం మొదలుపెట్టాను."

పైఆయన సెలవు సంగతి మనకు అక్కర్లేదు. దర్శకుడు మొదటి "నేనేం చేశానంటే" దగ్గర కోసి, తిన్నగా "చేత్తో తిప్పడం"కు అతికించాడు. వింటే గొంతు ఒక్కసారి కిందికి జారిపడింది. ఎందుకంటే మొదటిసారి "చేశానంటే" అన్నప్పుడు ఆయన తొందరలో ఉన్నాడు, గొంతు పైన ఉంది. రెండోసారి అనేముందు ఆగి, ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా అన్నాడు. అందుకని "ఆగిపోయి ఉంది" దగ్గర కోసి, రెండో "నేనేం చేశానంటే" ముందున్న ఊపిరితో సహా అతికించాను. ఆ రెంటి మధ్య 8 ఫ్రేముల ఖాళీ వదిలి, అందులో ఆ గది నిశ్శబ్దాన్నే నింపాను. దర్శకుడు ప్రతి ఇంటర్వ్యూ చివర ఒక నిమిషం రూమ్ టోన్ రికార్డు చేసుకుని వచ్చాడు, ఆ నిమిషం సినిమా అంతటా పనికొచ్చింది. అది లేకపోతే ఖాళీలో శబ్దం పూర్తిగా చచ్చిపోతుంది, అతుకు ఉన్నచోటు చెవికి దొరికిపోతుంది.

ఇంకో చిక్కు సంధి. "తిప్పాను అన్నమాట" అని కాగితం మీద రాస్తాం. ఆయన పలికింది "తిప్పానన్నమాట". అక్కడ "అన్నమాట"ను కోద్దామంటే "తిప్పాను" అనే మాటే రికార్డింగులో లేదు. అలాంటిచోట ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, "అన్నమాట"ను ఉంచెయ్యాలి, లేదా వేరే వాక్యం వెతుక్కోవాలి. నేను ఉంచేశాను. అది ఆయన మాట తీరు.

అన్నిటికంటే పెద్ద చిక్కు కర్త లేకపోవడం. మనం మాటల్లో "ఆగిపోయింది", "వచ్చింది", "పోయింది" అనేసి ఊరుకుంటాం. వచ్చింది తుఫానా, ఉత్తరమా, అమ్మా? మూడింటికీ ఒకటే క్రియ. ఇంటర్వ్యూలో ముందు వాక్యాలు ఉన్నాయి కాబట్టి అక్కడ కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఆ ముందు వాక్యాలు కోసేశాక ఎవరికీ తెలియదు. కూతురు ఒకచోట అంటుంది: "నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారిగా ఆగిపోయింది." ఆగింది వానేమో అనుకోవచ్చు.

ఇక్కడే బీ-రోల్‌కు అసలు పని దొరికింది. "ఆగిపోయింది" అనే మాటకు ఒక సెకను ముందు, ఆగి ఉన్న లెన్స్ బొమ్మ పెట్టాం. చెవి ఇవ్వని కర్తను కన్ను ఇచ్చింది. అప్పటినుంచి అతుకు మీద కప్పే ప్రతి కవర్ షాట్‌నూ ఇదే ప్రశ్న అడిగాను: ఈ బొమ్మ మాటలో లేనిది ఏమైనా ఇస్తోందా?

వినే సినిమా

ట్రాన్స్‌క్రిప్ట్‌లో గీతలు గీసి ఏరిన బైట్లు మొదట 52 నిమిషాలు వచ్చాయి. వాటిని ప్రింటు తీసి, ముక్కలుగా కత్తిరించి, నేల మీద పరిచాం. ఇద్దరు మనుషులు ఒకే కాగితాల చుట్టూ తిరుగుతూ వాదించుకోవడానికి అది తెర కంటే వీలుగా ఉంటుంది. వరుస మార్చడానికి ఒక చిన్న నియమం పెట్టుకున్నాం: క్యాలెండరును పట్టించుకోవద్దు, ఏ మాట అర్థం కావాలంటే దానికి ముందు ఏం తెలిసి ఉండాలో అదే చూద్దాం.

తుఫాను రాత్రి బైట్‌ను వెనక్కి నడిపించుకుంటూ వచ్చాం. అది తగలాలంటే పది సెకన్ల లెక్క తెలియాలి. లెన్స్ పాదరసపు తొట్టిలో తేలుతుందనీ తెలియాలి, లేకపోతే అంత బరువును ఒక్క మనిషి ఎలా తిప్పాడన్న అనుమానం దారికి అడ్డం పడుతుంది. అది ఆగితే కింద ఇంట్లో ఉన్న పిల్లకు ఏమవుతుందో కూడా తెలియాలి. ఈ మూడూ ముందు రావాలి కాబట్టి తుఫాను సినిమాలో సగం దాటాక, ఏడున్నర నిమిషాల దగ్గర కుదిరింది. దర్శకుడి కూర్పులో అది అయిదో నిమిషంలోనే వచ్చేసి, ఆ తర్వాత చప్పగా 14 నిమిషాలు సాగింది.

మొదలు మాత్రం కూతురి దగ్గర దొరికింది. "నాకు చిన్నప్పుడు నిద్రపట్టాలంటే పది లెక్కపెట్టుకునేదాన్ని. పదికి గోడ మీద వెలుగు పడేది. పడిందంటే నాన్న పైన ఉన్నాడని." ఈ మాట ఆమె ఇంటర్వ్యూలో రెండో గంటలో, టీ తాగి వచ్చాక అన్నది. దీంతో మొదలుపెడితే ప్రేక్షకుడికి ఏమీ పాఠంగా చెప్పకుండానే పది లెక్క వచ్చేస్తుంది. తుఫాను రాత్రి ఆమె "ఆగిపోయింది" అన్నప్పుడు, ఆగింది వెలుగు ఒక్కటే కాదని కూడా మనకు తెలిసి ఉంటుంది.

ఈ వరుసలో శబ్దం మాత్రమే పేర్చిన కూర్పు 14 నిమిషాల 20 సెకన్లు వచ్చింది. సినిమా గురించి ఏమీ తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, బొమ్మ లేకుండా వినిపించాం. తర్వాత "ఏం జరిగిందో చెప్పండి" అని మాత్రమే అడిగాం. ఇద్దరూ పాదరసం దగ్గర తడబడ్డారు, ఇద్దరూ తుఫాను సంగతి బాగా చెప్పారు. పాదరసం వివరణ ఇంజినీరు నోట చాలా పొడుగ్గా ఉంది, దాన్ని 20 సెకన్లకు కుదించి కింద బొమ్మ తప్పనిసరి అని రాసుకున్నాం.

అక్కణ్ణుంచి రెండున్నర నిమిషాలు తీయడం నాకు కష్టంగా అనిపించింది. కీపర్ తన భార్య గురించి చెప్పిన ఒక నిమిషం ఉంది, మొత్తం ఫుటేజ్‌లో అంత మెత్తని గొంతు ఇంకెక్కడా లేదు. నాలుగు చోట్ల పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా సినిమా ఆగి, ఇంకో సినిమా మొదలయినట్టు అవుతోంది. చివరికి తీసేసి వేరే సీక్వెన్స్‌లో దాచి, ఆ కుటుంబానికి విడిగా ఇచ్చాం.

కప్పాల్సినవి, కప్పకూడనివి

శబ్దం కుదిరాక ముఖాల మీద మిగిలిన అతుకులు 38. వాటన్నిటికీ బీ-రోల్ అవసరం పడలేదు. కొన్నిచోట్ల ఒకరి మాట తర్వాత ఇంకొకరు వస్తున్నారు, అక్కడ ముఖం ఎగిరిపడదు. ఇంటర్వ్యూలు 4కేలో తీశారు, సినిమా ఫుల్ హెచ్‌డీ, కాబట్టి కొన్నిచోట్ల ఫ్రేమును బాగా దగ్గరికి తెచ్చి రెండో కెమెరాలా వాడాం. దగ్గరికి తెస్తే స్పష్టంగా తేడా తెలిసేలా తేవాలి. పది శాతం మాత్రం పెంచితే చూసేవాడికి అది షాట్ మారినట్టు ఉండదు, పొరపాటులా ఉంటుంది. ఇవన్నీ పోగా నిజంగా కప్పాల్సినవి 15 మిగిలాయి.

వాటికంటే ముందు కప్పకూడనివి గుర్తుపెట్టుకున్నాను. "అలిసింది చేతులు కాదు" అన్నాక ఆయన ఒకటిన్నర సెకను ఆగుతాడు, కళ్ళు పక్కకు పోతాయి, తర్వాత "లెక్క" అంటాడు. ఆ ఒకటిన్నర సెకను మీద ఏ బొమ్మ పెట్టినా పాడుచేసినట్టే. దర్శకుడి మొదటి కూర్పులో ఇలాంటి ఆగుడులన్నీ ఖాళీలనుకుని తీసేశాడు.

కవర్ షాట్ల విషయంలో మేం ఎక్కువగా మార్చింది మాటనే మళ్ళీ చూపించే బొమ్మలను. "రోజూ మెట్లెక్కేవాణ్ణి" అంటే మెట్లు, "సముద్రం" అంటే సముద్రం. మెట్ల మాట దగ్గర మెట్లు తీసేసి, 8 ఎంఎం రీలులోంచి అయిదేళ్ళ కూతురు మెట్ల మొదట్లో కూర్చుని పైకి చూస్తున్న షాట్ పెట్టాం. ఆయన ఎక్కడం గురించి చెబుతున్నాడు, మనం కింద ఎదురుచూస్తున్నవాళ్ళను చూస్తున్నాం. బొమ్మ సరిగ్గా మాట మీదే పడితే పాఠ్యపుస్తకంలో పటం చూపించినట్టు ఉంటుంది, అందుకని కొంచెం ముందో వెనకో పడేలా జరిపాం. పాత ఫుటేజ్‌ను కొత్త షాట్ల కంటే ఎక్కువసేపు, అయిదు నుంచి ఏడు సెకన్లు నిలిపాం. పాత బొమ్మలో చూసేవాడు ముఖాలు వెతుక్కుంటాడు, దానికి టైమ్ ఇవ్వాలి.

లెన్సే చెప్పిన వేగం

8 ఎంఎం ఫైలులో మనుషులు చిట్టిచిట్టి అడుగులతో పరుగెత్తుతున్నట్టు ఉన్నారు. పాత సినిమా అంటే అంతే కదా అని దర్శకుడు వదిలేశాడు. ఆ రోజుల్లో రెగ్యులర్ 8 హోమ్ మూవీ కెమెరాలు మామూలుగా సెకనుకు 16 ఫ్రేములు తీసేవి, సూపర్ 8 అయితే 18. స్కాన్ చేసినవాళ్ళు ఫిల్ములోని ఒక్కో ఫ్రేమునూ వీడియోలోని ఒక్కో ఫ్రేముగా పెట్టి, సెకనుకు 25 చొప్పున నడిపించారు. ఒకటిన్నర రెట్ల పైచిలుకు వేగం.

ఇది 16ఏనని రుజువు ఎలా? రీలులోనే ఉంది. పగలు పరీక్షగా లెన్స్‌ను తిప్పుతున్నప్పుడు తీసిన షాట్ ఒకటి ఉంది. రెండు వైపులా దళసరి అద్దం ఉన్న లెన్స్ అది, ఒక అద్దం కెమెరా ముందుకు వచ్చాక రెండోది రావడానికి నిజానికి 10 సెకన్లు పట్టాలి. ఫైలులో 6.4 సెకన్లు పట్టింది. 10ని 16తో హెచ్చించి 25తో భాగిస్తే వచ్చేది సరిగ్గా 6.4. ఆ లెక్క కుదిరినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఆ క్లిప్ సెకనుకు 16 ఫ్రేములదని చెప్పి, 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో కొన్ని ఫ్రేములు రెండుసార్లు వచ్చేలా ఉంచాను. ఫ్రేములను కలిపి నునుపు చేసే ఆప్షన్ ఆన్ చేస్తే కూతురి చేతులకు నీడల్లాంటి జాడలు వచ్చాయి, వెంటనే తీసేశాను. ఫ్రేము ఆకారం కూడా మార్చలేదు. 4:3 బొమ్మను వెడల్పు తెరకు సాగదీయలేదు, పైనా కిందా కోయలేదు, పక్కల నలుపు వదిలేశాం. కోసి ఉంటే మెట్ల షాట్‌లో ఆ పిల్ల చూస్తున్న పై మెట్టే పోయేది. వీహెచ్‌ఎస్‌లో గీతల్లా చీలే అంచులను డీఇంటర్‌లేస్ చేసి, అడుగున కొట్టుకునే కొద్ది గీతలను మాత్రం మరుగుచేశాం. ఆ టేపులో వెనక ఎక్కడో పాట వినబడుతోంది. దాని హక్కులు మన దగ్గర లేవు కాబట్టి శబ్దం తీసేశాం. టేపు తీసిన ఆయన దగ్గర వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం.

లేని ఫుటేజ్

తుఫాను రాత్రి ఫుటేజ్ లేదు. ఎవరు తీస్తారు? రెండో వీహెచ్‌ఎస్‌లో మాత్రం ఇంకో తుఫాను ఉంది, చాలా ఏళ్ళ తర్వాతది, వేరే తీరంలో తీసింది. వంగిపోతున్న చెట్లు, ఎగిసిపడే అలలు. దర్శకుడు దాన్ని కీపర్ గొంతు కింద పరిచాడు, బిగువుగా ఉంది కూడా.

"ఇది ఆ రాత్రి కాదు కదరా" అన్నాను.

"ఆ రాత్రి అని మనం ఎక్కడా అనలేదుగా. తుఫాను అంటే తుఫానే."

అనలేదు నిజమే. కానీ ఒక మనిషి "ఆ రాత్రి" అంటుంటే కింద పాత టేపు గరుకు బొమ్మ కదులుతుంటే, అది ఆ రాత్రే అని చూసేవాడు నమ్ముతాడు. కొత్త షాట్‌ను అలా నమ్మడు, పాతదాన్ని సాక్ష్యంలా తీసుకుంటాడు. పైగా ఈ సినిమాలో మిగతా పాత బొమ్మలన్నీ నిజంగా వాళ్ళవే. ఈ ఒక్కటి దొంగదైతే, తెలిసినవాళ్ళకు కూతురి మెట్ల షాట్ మీద కూడా అనుమానం వస్తుంది. తెర మూలన "వేరే తుఫాను" అని రాయొచ్చు, కానీ ఆ అక్షరాలు చదివించే చోటు అది కాదు.

వాదన రెండు రోజులు నడిచింది. తెగ్గొట్టింది ఒక ఫోటో. స్కాన్లలో ఆ నెల లాగ్‌బుక్ పేజీలు ఉన్నాయి. గంటగంటకూ ఆయన నీలం సిరాతో రాసిన వరుసలు, గాలి, వాన, దీపం స్థితి. ఆ రాత్రి ఒంటిగంట తర్వాత వరుసలు ఖాళీ. మళ్ళీ అయిదున్నరకు ఒక వరుస, అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. రాయడానికి చేతులు ఖాళీ లేని నాలుగున్నర గంటలు అవి.

చివరికి ఆ భాగం ఇలా వచ్చింది. కూతురు "ఒక్కసారిగా ఆగిపోయింది" అంటుంది, ఆగిన లెన్స్. కీపర్ "చేత్తో తిప్పడం మొదలుపెట్టాను" అన్నప్పుడు లాగ్‌బుక్ ఖాళీ వరుసల మీద కెమెరా నెమ్మదిగా కిందికి దిగుతుంది. 48 సెకన్ల బైట్‌లో ముందు సగం ఆయన ముఖమే. "మళ్ళీ పది" దగ్గర నుంచి, ఈమధ్య తీసిన రాత్రి షాట్: నలుపు, మెరుపు, నలుపు. అది ఇప్పటి ఆటోమేటిక్ దీపమని సినిమాలో ముందే చూపించాం, ఎవరినీ మోసం చేసినట్టు కాదు. మెరుపుల లెక్క మాత్రం మారలేదు, అప్పుడూ ఇప్పుడూ 10 సెకన్లే.

ఇంకోచోట కూడా ఇలాంటి ఆశే పుట్టింది. ఆటోమేటిక్ చేసిన రోజు గురించి కీపర్ ఏడుస్తాడని దర్శకుడు ఎదురుచూశాడు. ఆయన ఏడవలేదు. భార్య గురించి చెప్పిన నిమిషంలో "చాలా బాధేసింది" అని ఉంది. కర్త లేని మాట, ఎక్కడ అతికించినా అతుక్కుంటుంది. దర్శకుడు అతికించి చూపించాడు, వింటే అనుమానం కూడా రాదు. కానీ ఆ మాట ఆ రోజు గురించి ఆయన అనలేదు. ఆ రోజు గురించి అన్నది ఇది: "బాధేముంది. ఇంక రాత్రిళ్ళు పడుకోవచ్చనుకున్నాను." కాసేపు ఆగి, "ఇప్పటికీ పడుకోలేను. పదికొకసారి మెలకువ వస్తుంది." సినిమా చివర ఈ మాటలే ఉన్నాయి, 22 సెకన్లు, ముఖం మీద, కవర్ ఏమీ లేకుండా.

బొమ్మల కూర్పు ఇక మార్చకుండా పిక్చర్ లాక్ చేసేముందు కీపర్‌కు, కూతురికి చూపించాం. తుఫాను భాగం వచ్చినప్పుడు ఆయన చూపుడువేలు మోకాలి మీద కొట్టుకోవడం గమనించాను. మూడో మెరుపు దగ్గర వేలు ఆగిపోయింది. అయ్యాక, "అక్కడ తొందరగా మెరిసింది బాబూ, తొమ్మిదికే" అన్నాడు. వెళ్ళి టైమ్‌లైన్ చూశాం. ఎక్కడో బిగువు కోసం రాత్రి షాట్‌లో నలుపును ఒక సెకను తగ్గించాం, ఇద్దరికీ గుర్తులేదు. ఆ 25 ఫ్రేములు తిరిగి పెట్టేశాం. సినిమా నిడివి 11 నిమిషాల 52 సెకన్ల నుంచి 53కు పెరిగింది.